చప్పట్లు కొడితే తప్పా

ఫిబ్రవరి పదహారు, ఆదివారం. చర్చి నుంచి వచ్చి సంగటి, కోడికూర తిని, కొడుక్కి చెప్పకుండా మదనపల్లెలో బస్సెక్కిన జయరత్నం, పుంగనూరు కబడ్డీ ఫైనల్‌కు ఆలస్యంగా చేరి అవతలి జట్టు గ్యాలరీలో ఇరుక్కుపోయాడు.

సంగతి తెలిసేసరికి లేచే దారి లేదు. ముందు వీపులు, వెనక మోకాళ్లు. తమ ఊరివాళ్లంతా మ్యాట్‌కు అవతలి పక్కన ఉన్నారు.

"మదనపల్లె టమోటా!" అని పైవరుస నుంచి చేతన్ అనే కుర్రాడు అందిస్తే, "రూపాయికి కిలో!" అని గ్యాలరీ అందుకుంటోంది. "పుంగనూరు ఆవు, మోకాలెత్తు!" అని అటునుంచి జవాబు. జయరత్నానికి నవ్వొచ్చింది. పక్కనున్న నరసింహులు అతని దోసిట్లో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పోశాడు.

"యా ఊరప్పా మీది?"

"వాల్మీకిపురం," అని నోటికొచ్చిన అబద్ధం చెప్పాడు జయరత్నం.

మదనపల్లె తరఫున ఏడో నంబరు రోషన్ కూతకొచ్చాడు. జయరత్నం కొడుకు. వచ్చిన ఊపులోనే ఇద్దర్ని తాకి గీత దాటాడు. పుంగనూరు ఆధిక్యం కరిగిపోయింది.

చేతన్ ఫోన్ పైకెత్తాడు. "ఏడో నంబరోడి ఇన్‌స్టా సూడండన్నా. వాళ్లమ్మ పోయిందంట. ఫొటో పెట్టుకోనుండాడు."

"అయితే?"

"అయితే ఏముంది? పాట దొరికింది."

రోషన్ మళ్లీ కూతకు రాగానే పాట మొదలైంది.

"రోషన్, రోషన్, అమ్మ యాడ?"

"గుంతలో!"

జయరత్నం చేతిలోని కాయలు జారిపోయాయి. పలక డప్పు వాయించేవాడు రెండు దెబ్బలు వేసి, పుల్లలు కింద పెట్టేశాడు. ఆ మాత్రానికే జయరత్నం మనసులో అతనికి దణ్ణం పెట్టుకున్నాడు.

రెఫరీ విజిలేసి గడియారం ఆపించి, నిర్వాహకుల దగ్గరికి వెళ్లాడు. మైకులో ప్రకటన వచ్చింది. "ఊరి పేరు పెట్టి ఎన్నైనా అనుకోండి. ఇంట్లోవాళ్ల జోలికి, కులం, మతం జోలికి పోవద్దు. ఇంకోసారి వినబడితే గ్యాలరీ ఖాళీ చేయిస్తాం."

"వినబడితే కదా," అన్నాడు చేతన్. "నోరు మాత్రం ఆడించండి. చప్పట్లు అదే దరువు."

ఆట మొదలైంది. ఈసారి మాట లేదు. చప్పట్లు మాత్రమే. వందల పెదాలు ఒక్కటిగా ఆ రెండు ముక్కలే ఆడిస్తున్నాయి. రోషన్‌కు అర్థం కాకుండా ఎలా పోతుంది? రెఫరీ గ్యాలరీ వైపు చూశాడు.

"చప్పట్లు కొడితే తప్పా సార్?" అన్నాడు చేతన్, వినయంగా.

మ్యాట్ మీదివాళ్లకు చూపించే కార్డు గ్యాలరీకి చెల్లదు. రెఫరీ తల తిప్పుకున్నాడు.

"నాకూ బాగలేదప్పా," అని గొణిగాడు నరసింహులు, చప్పట్లు ఆపకుండానే. "ఊరోళ్లతో ఉండాక తప్పుతుందా? నువ్వేల గమ్మున కూసోనుండావు? ఆ పిలకాయలు నిన్నే సూస్తాండారు."

'వాడు నా కొడుకు' అని లేచి అరవాలనిపించింది జయరత్నానికి. అరిస్తే తర్వాతి పాట తన మీద కడతారు. అదీ వాడే వినాలి. అతను కూడా చేతులు కలిపి చప్పట్లు కొట్టాడు.

ఆట ముగింపుకొచ్చింది. స్కోరు సమానం. మదనపల్లె వరసగా రెండు కూతలు ఖాళీగా పోగొట్టుకుంది. మూడోదానికి పాయింటు తేవాలి, లేదా వెళ్లినవాడు ఔట్. రోషన్ వెళ్లాడు. కూత అందరికీ వినబడాలి, మధ్యలో తెగకూడదు.

"కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ..."

చిన్నప్పుడు వరండాలో వాడు కూత సాధన చేస్తుంటే పక్కన కూర్చుని తనూ అనేవాడు. ఇప్పుడూ జయరత్నం పెదాలు వాటంతట అవే కదిలాయి. కబడ్డీ, కబడ్డీ. చేతులు గ్యాలరీతో, పెదాలు కొడుకుతో. తన ఊపిరి కూడా వాడికి అందితే బాగుండుననుకున్నాడు.

రోషన్ మూలనున్నవాడి మీదికి చెయ్యి చాచాడు. ఇంకాస్త చాచితే అందేవాడే. వాళ్ల పట్టు తప్పించుకోవడానికి రోషన్ పక్కకు తిరిగి, తలెత్తి గ్యాలరీ వైపు చూశాడు. కూత తెగింది. విజిల్ మోగింది. గ్యాలరీ ఎగిరి గంతేసింది.

కొడుకు కంటే ముందే ఇల్లు చేరి జయరత్నం అన్నం వండాడు. రోషన్ వచ్చాడు. కంచం ముట్టుకోలేదు.

"వాళ్ల గోలకే కదరా కూత తెగింది?" అన్నాడు జయరత్నం. "పోనీలే. మనుషులు కారు వాళ్లు."

"వాళ్లకు కాదు. వాళ్లు ఎంత అన్నా తట్టుకున్యా," అన్నాడు రోషన్, గదిలోకి పోతూ. "వాళ్ల నడుమ కూసోని, చప్పట్లు కొడతా నువ్వు కూడా నోరాడిస్తాంటివి కదా నాయనా, అది సూసినా."

చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.