పేరు పెట్టి పిలవని మనిషి

"గుడ్ మార్నింగ్, ఇన్‌గ్రిడ్" అన్నాడు రియాజ్.

హాంబర్గ్‌లోని ఆ చేపల జబ్బుల ల్యాబులో అందరి చేతులూ ఒక్క క్షణం ఆగాయి.

మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తకుండానే ల్యాబు హెడ్ అయిన ఆవిడ అంది. "డాక్టర్ బ్రాంట్ అనాలి, షేక్ గారూ."

అతనికి చెవులు కాలిపోయాయి. ఏలూరులో తివాచీలు నేసే ఇంట్లోంచి ఇంతదూరం వచ్చి, మొదటి రోజే పదిమందిలో మాట పడ్డాడు.

తప్పు నిజానికి గోపీనాథ్‌ది. తాడేపల్లిగూడెంలో కలిసి చదువుకున్న ఆ స్నేహితుడు అమెరికాలో పనిచేసి వచ్చాడు. విదేశాల్లో బాసునైనా పేరు పెట్టే పిలవాలని, సార్ అంటే నవ్వుతారని చెప్పి పంపాడు.

మధ్యాహ్నం క్లౌస్ అనే పెద్దాయన రియాజ్‌ని పక్కకి తీసుకెళ్లి విడమరిచి చెప్పాడు. జర్మన్‌లోనూ తెలుగులోలాగే నువ్వు వేరు, మీరు వేరు. ఇంటిపేరుతో పిలిస్తే మీరు, సొంతపేరుతో పిలిస్తే నువ్వు. మీరు నుంచి నువ్వుకి దిగుదామని పెద్దవాళ్లే అడగాలి, చిన్నవాళ్లు అడగకూడదు. అడిగితే చెయ్యి కలిపి, తన పేరు చెప్పాలి. కాదంటే మొహం మీద తలుపు వేసినట్టే.

ఇన్‌గ్రిడ్ అనడానికి తనకే చాలా ఏళ్లు పట్టిందన్నాడు క్లౌస్.

రియాజ్ బుర్రకి ఎక్కింది. మనసుకి ఎక్కలేదు.

ఆ రోజు నుంచి ఆ మర్యాదనే కత్తిలా నూరాడు. మిగతావాళ్లు ఉత్త 'ఫ్రౌ బ్రాంట్', అంటే బ్రాంట్ గారూ, అని ఊరుకునేచోట, అతను ప్రతి మాటకీ 'ఫ్రౌ డాక్టర్ బ్రాంట్' అనేవాడు. ఎక్కడైనా గుచ్చుకుంటుందేమోనని చూసేవాడు.

ఆవిడ మాత్రం మామూలుగానే 'హెర్ షేక్', షేక్ గారూ, అని జవాబిచ్చేది. తప్పు చేస్తే చెప్పేది, పని బాగుంటే తలూపేది. అంతే.

తర్వాత రియాజ్ ఏలూరు తిరిగొచ్చేశాడు. ఆ జర్మన్ సంస్థ సాయంతో కొత్తగా పెట్టిన చేపల ల్యాబుకి అతనే హెడ్ అయ్యాడు.

రెండువేల ఏడు వేసవిలో మండవల్లి చెరువుల్లో శీలావతి, బొచ్చె చేపలు ఒంటినిండా ఎర్రటి పుళ్లతో తేలడం మొదలైంది. రియాజ్‌కి అంతు చిక్కలేదు.

ఆ సమయంలోనే చూసిపోతానంటూ హాంబర్గ్ నుంచి డాక్టర్ బ్రాంట్ వచ్చింది.

సత్తిబాబు అనే రైతు చెరువులో మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి, చేపల మొప్పలు తీసి చూసింది. గట్టెక్కి, ఇది ఒక్కరోజులో తేలేది కాదంటూ తడి చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని చాచింది.

"ఇకమీద మనం నువ్వు అనుకుందామా? నా పేరు ఇన్‌గ్రిడ్."

రియాజ్ గుండెలో ఏదో చల్లగా పారింది. ఇన్నాళ్లకి తలుపు వేసే వంతు తనది.

చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"వద్దండీ, ఫ్రౌ డాక్టర్ బ్రాంట్. మీరు నేర్పిన పద్ధతే నాకు బావుంది."

చాచిన చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోయింది. తర్వాత మెల్లగా దిగింది.

"మీ ఇష్టం, హెర్ షేక్."

జర్మన్ తెలియని సత్తిబాబు ఆత్రంగా అడిగాడు. "ఏమంటున్నారండీ ఆవిడ? మందు చెప్పారాండీ?"

"ఏం లేదండీ. వెళ్లొస్తానంటున్నారు."

ఆ సాయంత్రం రియాజ్ కడుపునిండా తిన్నాడు. మర్నాడు ఆవిడని రైలెక్కించడానికి డ్రైవర్ని పంపాడు, తను వెళ్లలేదు.

చేపలు చస్తూనే ఉన్నాయి. సత్తిబాబు రెండో చెరువు కూడా ఖాళీ అయింది. పక్క ఊళ్ల రైతులొచ్చి ల్యాబు వరండాలో కూర్చునేవాళ్లు. రియాజ్ లోపల అవే నమూనాలు మళ్లీ మళ్లీ పరీక్షించేవాడు.

వానలు మొదలయ్యాక క్లౌస్ ఫోన్ చేశాడు.

"ఇన్‌గ్రిడ్‌ని ఫోన్ దగ్గరికి పిలుస్తావా? అక్కడి ఉక్క తట్టుకుంటోందా?"

"ఆవిడ ఇక్కడ లేరు. అప్పుడే వెళ్లిపోయారు కదా."



"అయితే నువ్వు వద్దన్నావన్నమాట" అన్నాడు క్లౌస్. "ముందు పేరుతో పిలవమని అడుగుతాను, అతను ఒప్పుకుంటేనే మిగతాది అడుగుతాను అని చెప్పి బయల్దేరింది."

"మిగతాది అంటే?"

"తను రిటైరైపోయింది, రియాజ్. జీతం లేకుండా ఒక ఏడాదిపాటు నీ ల్యాబులో, నీ చేతికింద పనిచేద్దామని వచ్చింది."