ఏ బస్సులో విన్న మాట?

ప్రేమ్‌కుమార్ సారూ, నవలకు పనికొచ్చే బస్సు ముచ్చట్లు పట్టుకురమ్మన్నది మీరే.

నిడమనూరులో ఒక దొంగ ఇంట్లో దూరి పెళ్లిఫోటో ఒక్కటే ఎత్తుకుపోయాడని పేపర్లో చదివి, ఎందుకో తేలక తల పట్టుకున్నారు. మిర్యాలగూడ బస్సులో ఒకామె ఫోన్‌లో అన్నదని నేనొక మాట ఇచ్చాను: "నా మొదటి పెళ్లిఫోటో ఇంకా పచ్చపెట్టెలనే ఉన్నదమ్మా. ఈయన సూస్తే ఖతం."

రెండూ అతికించి, ఆ దొంగ ఎవరో కాదు, ఫోటోలోని ఆడమనిషేనని కథ కట్టారు. పేరు, ఊరు మార్చారు. బస్సులో మనిషి మళ్లీ ఎదురుపడదని పెట్టె రంగు అట్లే ఉంచారు.

నాకు చదువు రాదు. మీరు పంపిన కాగితాలు కోడలు సోనీతో చదివించుకున్నాను. పచ్చపెట్టె దగ్గర సోనీ చదవడం ఆపింది.

"ఏ బస్సుల విన్నవత్తా?"

మా ఇంట్లోనే, గోడ చాటున విన్నాను సారూ. నా కొడుక్కి తెలియదు. తప్పు నాది, అచ్చుకు ముందే ఆ పెట్టె రంగు మార్చాల్సింది మీరు.

ఈ కార్డు రాస్తున్నదీ సోనీయే. తలెత్తడం లేదు.