సర్కిల్ బ్యాక్ అవుదాం

"సర్కిల్ బ్యాక్ అవుదామంటే, మళ్ళీ మాట్లాడతామనే కదండీ?"

డిగ్రీ అవగానే రాజమండ్రి ఆఫీసులో చేరిన శృతి, అక్క పెళ్ళికి సెలవడిగితే మేనేజరు పంపిన జవాబు చూపించింది.

సీనియర్ మణిశంకర్ పగలబడి నవ్వి, ఫోన్లో ఒక మీమ్ తీశాడు. బెంచీ మీద అస్థిపంజరం కూర్చుని ఉంది. కింద 'సర్కిల్ బ్యాక్ కోసం ఎదురుచూస్తూ' అని రాసుంది.

"కాదంటే కారణం చెప్పాలమ్మా. ఇలా అంటే ఏమీ చెప్పక్కర్లేదు. అడిగి అడిగి నువ్వే మానేస్తావు."

"మరి 'టచ్ బేస్' అంటారేంటండీ?"

"పైకి ఓసారి పలకరించుకుందామని. లోపల, పనెంతవరకు వచ్చిందో ఆరా తీద్దామని."

శృతికి నవ్వాగలేదు. "బాగా కనిపెట్టారండీ! ఇంతకీ మీ ప్రమోషన్ ఏమైంది?"

మణిశంకర్ ముఖం వెలిగిపోయింది. "వచ్చేసినట్టే. పోయినేడూ అన్నారు, మొన్నా అన్నారు. మేనేజరు గారే స్వయంగా, సర్కిల్ బ్యాక్ అవుదామని!"

వేళాకోళమేమోనని శృతి అతని కళ్ళలోకి చూసింది. కాదు, నిజంగానే చెబుతున్నాడు.

ఆమె తన సెలవు సంగతి ఇప్పుడే తేల్చుకోవాలని లేచి వెళ్ళి, మేనేజరు గది తలుపు తట్టింది.