నువ్వా, మీరా, వదినా?

"అనరా! రెండంటే రెండక్షరాలు. నోరు పెగలదా?" అని అమ్మ మెకానిక్ వీపు మీద పొడిచింది.

"మీరు కూడా రెండక్షరాలే కదమ్మా," అని గొణిగాడు మెకానిక్.

రిజిస్ట్రారు ఆఫీసు వరండా. చేతుల్లేని కుర్చీలు. ఎదురుగా వదిన, ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చుంది. ఇవాళ్టితో ఆమెకు నలభై నిండాయి. పెళ్లి కూడా ఇవాళే. రెండూ ఒకే రోజైతే, తేదీ మరిచిపోయే మగవాడికి ఒకే తిట్టుతో సరిపోతుందని ఆమె లెక్క.

మెకానిక్ కూడా కొత్త చొక్కా వేసుకుని సంతకం పెట్టడానికే వచ్చాడు. కానీ పొద్దున్నే వదిన షరతు పెట్టింది. అతను తనకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాలి. అందులో 'నువ్వు' ఉండాలి. లేదంటే, సంచీ తీసుకుని ఇంటికే. సంతకమూ లేదు, పెళ్లీ లేదు.

ఆమె అన్నదంటే అన్నట్టే. నాలుగేళ్ల కిందట చూడటానికి వచ్చినవాళ్లు "అమ్మాయి బాగుంది, కానీ..." అన్నారు. ఆ 'కానీ' దగ్గరే లేచి లోపలికి వెళ్లిపోయింది.

అటెండర్ ఫైళ్లు మోస్తూ ఆగాడు. "ఏమవుతుందయ్యా నీకు?"

"వదిన."

"అన్నయ్య భార్యా?"

"కాదండీ. మేనమామ కూతురు. నాకంటే మూడేళ్లు పెద్ద."

"అయితే మీరనే అనాలి. మా వదినని నువ్వన్నానని మా నాన్న నాకు ఒక పూట అన్నం మాన్పించాడు."

"తమరు కాస్త ఊరుకుంటారా?" అంది అమ్మ.

నిజానికి తప్పు అమ్మదే. ఆరేళ్లప్పుడు అతను "వదినా, నువ్వు రా" అంటే, "పెద్దదాన్ని నువ్వంటావా? రండి అను" అని నోటి మీద కొట్టింది. ఆ దెబ్బకి పోయిన 'నువ్వు' మళ్లీ రాలేదు. పెద్దయ్యాక 'మీరు' అనడానికి సిగ్గు, 'నువ్వు' అనడానికి భయం. చివరికి రెండూ మానేశాడు.

వదిన టైలరింగ్ షాపులో మూడు కుట్టుమిషన్లు. పదిహేనేళ్లుగా వాటికి నూనె వేసేది అతనే. "దారం తెగుతోందా?" అంటాడు. "బెల్టు వదులైంది" అంటాడు. "భోజనం అయిందా?" అంటాడు. ఎవరి దారమో, ఎవరి భోజనమో మాటలో ఉండదు. తప్పనిసరైతే చివర ఒక 'అండి' తగిలించి బయటపడతాడు. వదిన మాత్రం ఒరేయ్ దగ్గర మొదలుపెట్టి నువ్వు దగ్గర ఆగుతుంది.

"నీ మాటల్లో నువ్వు లేదంటే, నేను లేనట్టే," అంది వదిన. "ఇవాళ మీరన్న నోరు రేపూ అంటుంది. మూడేళ్లు పెద్దదాన్నని ఊళ్లోవాళ్లు గుర్తు చేస్తున్నది చాలు. కానియ్."

మెకానిక్ లేచి నిలబడ్డాడు. "పుట్టినరోజు శుభాకాంక్షలు, వదినా."

"ఎవరికి?"

"వదినకి."

"వదినెవరు, పక్కింట్లో ఉందా?"

వదిన వెంట వచ్చిన, షాపులో కుట్టే అమ్మాయిలిద్దరూ కిసుక్కుమన్నారు. అతను మళ్లీ మొదలుపెట్టాడు. "నూరేళ్లు చల్లగా ఉండాలి."

"ఎవరుండాలి? ఆ 'ఉండాలి'లో నేనూ పడతా, నువ్వూ పడతావు, ఈ కుర్చీ కూడా పడుతుంది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. కళ్లు మూసుకుని దూకాడు. "నువ్వు... చల్లగా ఉండండి!"

వరండా అంతా గొల్లుమంది. అటెండర్ ఫైళ్లు జారాయి. వదిన మాత్రం నవ్వలేదు.

"తల నువ్వు, తోక మీరు," అంటూ లేచి సంచీ భుజానికి తగిలించింది.

"కూర్చోవే! వాడి తోక నేను కత్తిరిస్తా!" అని అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ముప్పై ఏళ్ల కిందటే కత్తిరించాల్సింది, అత్తా. అంటించింది నువ్వేగా?"

లోపల గంట మోగింది. ఒంటిగంటకు అధికారి భోజనానికి వెళతాడు. అటెండర్ కంగారుపడ్డాడు. "మీదే పిలుపమ్మా. పెళ్లికొడుకింకా రాలేదా?"

"వచ్చాడో లేదో ఇప్పుడే తేలుతుంది," అంది వదిన.

అందరూ లోపలికి నడిచారు. బల్ల మీద పెద్ద రిజిస్టరు. వదిన కలం తీసుకుంది. మూత తియ్యలేదు. మెకానిక్ వైపు చూసింది. ఆ చూపులో ఎప్పటి తిట్టూ లేదు. వేళ్లు మాత్రం మూతని సగం లాగి, మళ్లీ బిగిస్తున్నాయి. వదిన కూడా భయపడుతుందని అతనికి ఆ క్షణందాకా తెలియదు.

భయపడేవాళ్లని 'మీరు' అనడం కష్టం.

"పుట్టినరోజు శుభాకాంక్షలు నీకు," అన్నాడు. 'నీకు' దగ్గర తడబడ్డాడు కానీ ఆగలేదు. "నువ్వు నూరేళ్లు బతకాలి. తిడితే తిట్టు. ముందు నువ్వు... నవ్వు."

వదిన నవ్వింది. అమ్మ ముక్కు చీదింది. అధికారి గడియారం చూసుకోవడం మానేశాడు.

వధువు గడిలో గట్టిగా, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టి, వదిన కలాన్ని మెకానిక్ చేతిలో పెడుతూ అంది:

"వరుడి గడి ఇదండీ, ఇక మీరు పెట్టండి."