మెత్తల్లేని కోటు

మాన్‌హాటన్‌లోని మా ఆఫీసుకి కొత్తగా వచ్చిన డైరెక్టర్ ప్రెస్కాట్ మొదటి రోజే తేల్చేశాడు: "ఆడవాళ్లకి కోటు భుజాల్లో మెత్తలు, బంగారు బొత్తాలు ఎనభైల గోల. ఇది తొంభై నాలుగు. నిరాడంబరంగా రండి."

ఆ శుక్రవారమే నా పక్క సీటు లొరేన్‌కి మేనేజర్ పదవి ఇంటర్వ్యూ. ఇన్నేళ్లూ గదిలోకి ఆమెకంటే ముందు ఆమె ఎర్రకోటు భుజాలే వెళ్లేవి.

"తీసెయ్యవే ఈ మెత్తలు," అంటూ నాకు కత్తెర ఇచ్చింది.

తీశాను. మెత్తలకి తగ్గట్టు వెడల్పుగా కత్తిరించిన కోటు కదా, భుజం కుట్టు జబ్బ మీదికి జారింది, చెయ్యి పైభాగం గాలి తీసిన బూరలా సొట్టపోయింది.

"చేతులు ఊడదీసి, భుజం కురచ చేసి, మళ్లీ ఎక్కించాలి," అన్నాను.

"అంత తీరిక లేదు. ఆయనడిగిన సన్యాసమే కొనుక్కుంటాలే."

కొనుక్కుంది. బూడిద రంగు కోటు. మెత్తల్లేవు, బొత్తాలు కనపడవు, గీసినట్టు ఒంటిమీద వాలింది. తప్పు దాచడానికి అలంకారం లేదు కనక ప్రతి కుట్టూ తిన్నగా పడాలట. అందుకే ఏమీ లేనిదానికి అంత ధర.

ఇంటర్వ్యూలో రాసుకోవడానికి నేనూ కూర్చున్నాను. ప్రెస్కాట్ ఆమెని తేరిపార చూశాడు.

"చక్కగా ఉన్నారు లొరేన్. కానీ ఈ పదవికి కాస్త నిండుగా, గట్టిగా కనిపించే మనిషి కావాలి. ప్రస్తుతానికి నేనే చూసుకుంటాను."

ఉక్కగా ఉందంటూ కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. చొక్కాలో ఆయన భుజాలు రెండు పక్కలా జారిపోయాయి. కుర్చీ మీద కోటు భుజాలు మాత్రం నిండుగా, గట్టిగా నిలబడే ఉన్నాయి.

లొరేన్ నా చెవిలో అడిగింది:

"ఆ కత్తెర ఎక్కడ పెట్టావే?"